దసరాకు 6,000 కంది పొడి ప్యాకెట్లు అమ్మాలంటే పప్పు ఎప్పుడు, ఎంత కొనాలి?

ప్రశ్న: మేము తెనాలి దగ్గర ఇంట్లోనే కంది పొడి చేసి, పావు కిలో ప్యాకెట్లుగా షాపులకు వేస్తున్నాం. ప్యాకెట్‌కు 160 గ్రాముల పచ్చి కందిపప్పు పడుతుంది. ఆ నెల ఎన్ని ప్యాకెట్లు అమ్ముడవుతాయో అంచనా వేసి, దాన్ని 160తో గుణించి పప్పు కొంటున్నాను. నిరుడు దసరా ముందు వారం పప్పు అయిపోయి షాపులకు సరుకు వేయలేకపోయాం. ఆ కంగారులో ఎక్కువ కొంటే మిగిలిపోయి పురుగు పట్టింది. ఈసారి అంచనా సెప్టెంబరుకు 4,000, అక్టోబరుకు 6,000, నవంబరుకు 5,000, డిసెంబరుకు 4,000, జనవరికి 5,000 ప్యాకెట్లు. సెప్టెంబరు 1న చేతిలో 500 ప్యాకెట్లు, 120 కిలోల పప్పు ఉంటాయి. రోజుకు 225 ప్యాకెట్లకు మించి చేయలేం. సెలవులు పోను అక్టోబరులో 24 పనిరోజులే. పప్పు కిలో 110 రూపాయలకు, 50 కిలోల బస్తాల్లో, చెప్పిన మూడు రోజులకు వస్తుంది. ఎంత తయారు చేయాలో, ఎంత కొనాలో ఎలా తేల్చుకోవాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ గుణకారంలో తప్పు లేదు. గుణించిన అంకె దగ్గరే తేడా వచ్చింది. పప్పు కొనాల్సింది అమ్మకాలను బట్టి కాదు, తయారీని బట్టి. ఈ నెల తయారీ ఈ నెల అమ్మకాలతో పాటు వచ్చే నెల మొదటి వారం అమ్మకాలను కూడా చూసుకోవాలి. అలాగే ఈ నెల కొనే పప్పు వచ్చే నెల మొదటి వారం తయారీకి కూడా సరిపోవాలి. అందుకని ముందు తయారీ లెక్క, దాని నుంచి కొనుగోలు లెక్క వేయాలి. ఉత్పత్తి బడ్జెట్, సామగ్రి కొనుగోలు బడ్జెట్ అనేవి ఈ రెండు లెక్కలే. రెండూ ఒకే కాగితం మీద పడతాయి, కానీ ఈ వరసలోనే వేయాలి.

అంతకన్నా ముందు మీ అంచనా గురించి ఒక మాట. నిరుటి పుస్తకం చూసి నెలకు నెల పోల్చి ఈ అంకెలు వేసి ఉంటే మళ్లీ చూసుకోండి. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది, కాబట్టి పండగ అమ్మకం చాలావరకు సెప్టెంబరు చివర్లోనే అయిపోయి ఉంటుంది. ఈ 2026లో అక్టోబరు 20న వస్తోంది. దీపావళి నవంబరు 8న. అందువల్ల నిరుటి సెప్టెంబరును ఈ సెప్టెంబరుతో కాకుండా, పండగకు ముందు నాలుగు వారాలను పండగకు ముందు నాలుగు వారాలతో పోల్చాలి. మీరు అక్టోబరుకు 6,000 వేశారు కాబట్టి ఈ మార్పు చూసుకునే వేశారనుకుంటున్నాను. ఇంకో విషయం ఉంది. నిరుడు ఆ వారం షాపులు అడిగినా మీరు ఇవ్వలేకపోయారు. పుస్తకంలో పడింది మీరు ఇచ్చినదే, వాళ్లు అడిగినది కాదు. సరుకు లేని రోజుల అమ్మకాన్ని గిరాకీగా తీసుకుంటే ఈసారీ అంతే తక్కువ చేస్తారు. ఆ వారం ఎవరెవరికి లేదన్నారో గుర్తు తెచ్చుకుని, ఆ అంకెలు కూడా కలపండి.

ఇక నెలాఖరుకు చేతిలో ఎన్ని ప్యాకెట్లు ఉండాలో నిర్ణయించుకోవాలి. కోరుకున్న ముగింపు సరుకు అనేది దీన్నే. ఈ అంకె ఏ పుస్తకంలోనూ దొరకదు, మీ పనిలోంచే రావాలి. పప్పు చెప్పిన తర్వాత మూడు రోజులకు వస్తుందన్నారు. వేయించి, చల్లార్చి, మర పట్టి, ప్యాక్ చేసి షాపు చేరేసరికి ఇంకో రెండు రోజులు వేసుకుందాం. ఈ ఐదు రోజులూ అమ్మకం ఆగకూడదు. నెలకు 25 పనిరోజులు అనుకుంటే ఐదు రోజులంటే వచ్చే నెల అమ్మకంలో 20 శాతం. మీకు ఆ అంకె చాలు. కంది పొడి నిల్వ ఉంటుంది కదా అని 50 శాతం పెట్టుకోవద్దు. కొనేవాళ్లు ప్యాకెట్ మీద తయారీ తేదీ చూస్తారు. పాత తేదీ ఉన్న ప్యాకెట్లను షాపువాళ్లు తిప్పి పంపుతారు.

ఇప్పుడు సెప్టెంబరు చూడండి. అమ్మాల్సినవి 4,000. నెలాఖరుకు మిగలాల్సినవి అక్టోబరు 6,000లో 20 శాతం, అంటే 1,200. రెండూ కలిపితే 5,200. చేతిలో ఇప్పటికే 500 ఉన్నాయి కాబట్టి చేయాల్సినవి 4,700.

ఈ 500 విషయంలో జాగ్రత్త. మన నియమం ప్రకారమైతే సెప్టెంబరు 1న 800 ఉండాలి. అయినా లెక్కలో 800 రాయకూడదు. లెక్కించి చూస్తే నిజంగా ఉన్నదే రాయాలి. ఉన్నదానికీ ఉండాల్సినదానికీ ఉన్న తేడా మొదటి నెల తయారీలోనే సర్దుబాటు అవుతుంది. డ్రమ్ముల్లో ప్యాక్ కాకుండా ఉన్న పొడిని కూడా ప్యాకెట్లుగా మార్చి కలపండి. 25 కిలోల డ్రమ్ము అంటే 100 ప్యాకెట్లు.

అక్టోబరుకు అమ్మకం 6,000, ముగింపు సరుకు నవంబరు 5,000లో 20 శాతం అంటే 1,000, మొత్తం 7,000. సెప్టెంబరు చివర మిగిలిన 1,200 తీసేస్తే 5,800. నవంబరుకు 5,000కి 800 కలిపి 1,000 తీసేస్తే 4,800. డిసెంబరుకు 4,000కి 1,000 కలిపి 800 తీసేస్తే 4,200. ఒక నెల ముగింపు సరుకే మరుసటి నెల ప్రారంభ సరుకు అవుతుంది. ఆ రెండు గళ్లలో అంకె ఒక్కటి కాకపోతే లెక్క ఎక్కడో తప్పినట్టే.

మీకు కావాల్సింది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మూడు నెలల కొనుగోలే. అయినా జనవరి అమ్మకాల అంచనా దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందో గమనించండి. నవంబరు చివర ఎంత పప్పు మిగల్చాలో తేలాలంటే డిసెంబరు తయారీ తెలియాలి. డిసెంబరు తయారీ తేలాలంటే జనవరి అమ్మకం తెలియాలి. మూడు నెలలకు కొనుగోలు లెక్క వేయాలంటే ఐదు నెలల అమ్మకాల అంచనా కావాలి. చాలామంది మూడు నెలలకే అంచనా వేసుకుని, చివరి నెలకు వచ్చేసరికి ముగింపు సరుకు గడిలో ఏదో ఒక అంకె పడేస్తారు. మీరు జనవరి దాకా రాశారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. అక్టోబరులో 5,800 చేయాలని లెక్క చెబుతోంది. మీకున్నవి 24 పనిరోజులు, రోజుకు 225, అంటే 5,400. నాలుగు వందల ప్యాకెట్లు తక్కువ. కాగితం మీద 5,800 రాసి వదిలేస్తే పండగ వారంలో సరిగ్గా ఈ 400 దగ్గరే ఆగిపోతారు. వీటిని ముందు నెలలోకి జరపాలి. సెప్టెంబరులో 25 పనిరోజులు వేసుకున్నా 5,625 దాకా చేయగలరు. 4,700కి బదులు 5,100 చేయండి. అప్పుడు సెప్టెంబరు చివర 1,200 కాదు, 1,600 ప్యాకెట్లు మిగులుతాయి. అక్టోబరులో 5,400 చేస్తారు, 6,000 అమ్ముతారు, నెలాఖరుకు మనం అనుకున్న 1,000 మిగులుతాయి. ఈ ముందస్తు 400 ప్యాకెట్లను సెప్టెంబరు చివరి వారంలో చేయండి. మొదటి వారంలో చేస్తే మీ అల్మారాలోనే పాతబడతాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న కర్మాగారంలో మూడు నెలల మొత్తం వరసలో ప్రారంభ సరుకులు మూడూ కూడేశాను, ముగింపు సరుకులు మూడూ కూడేశాను. కూడిక సరిపోయింది కానీ ఆ వరస చదివినవాళ్లకు మూడు నెలల మొదట్లో మా దగ్గర ఉన్నదానికి ఎన్నో రెట్లు సరుకు ఉన్నట్టు కనిపించింది. దాన్ని నమ్మి యజమాని ఒక ఆర్డరు ఒప్పుకున్నారు, ఇవ్వలేకపోయాం. అందుకే ఇది చెబుతున్నాను. మొత్తం వరసలో ప్రారంభ సరుకు అంటే సెప్టెంబరు 1న ఉన్న 500 ఒక్కటే. ముగింపు సరుకు అంటే నవంబరు 30న ఉండే 800 ఒక్కటే. అమ్మకం 15,000కి 800 కలిపి 500 తీసేస్తే 15,300. నెలవారీ తయారీ 5,100, 5,400, 4,800 కూడినా 15,300 రావాలి. వచ్చింది కాబట్టి ముందుకు పోదాం.

ఇప్పుడు పప్పు. మీరు రాసిన 160 గ్రాములు ఎలా వచ్చిందో ఒకసారి మీ వంటశాలలో తూచి చూసుకోండి. ప్యాకెట్‌లో పడేది వేయించిన పప్పు. ఏరి, వేయించి, జల్లించేసరికి కొంత తరుగు పోతుంది. వంద కిలోలకు 95 కిలోలే చేతికి వస్తే, ప్యాకెట్‌కు 152 గ్రాముల వేయించిన పప్పు కావాలంటే 152ని 0.95తో భాగించాలి, 160 వస్తుంది. 152కి ఐదు శాతం కలిపితే 159.6 వస్తుంది. పప్పులో ఈ తేడా కనిపించదు. ఎండుమిరపలో కనిపిస్తుంది. తొడిమలు, గింజలు పోయి మీ దగ్గర 20 శాతం తరుగు వస్తోందనుకోండి. ప్యాకెట్‌కు 20 గ్రాముల కారం కావాలంటే 25 గ్రాముల మిరపకాయలు కొనాలి. 20 శాతం కలిపి 24 అనుకుంటే ప్రతి ప్యాకెట్ దగ్గరా ఒక గ్రాము తక్కువ పడుతుంది. 5,000 ప్యాకెట్లకు అది ఐదు కిలోలు.

తయారీకి పట్టే పప్పు సెప్టెంబరులో 5,100 ప్యాకెట్లకు 816 కిలోలు, అక్టోబరులో 864, నవంబరులో 768, డిసెంబరులో 672. నెలాఖరుకు మిగలాల్సిన పప్పును వచ్చే నెల తయారీకి పట్టే దానిలో నాలుగో వంతు పెట్టుకుందాం. మూడు రోజుల్లో రావాల్సిన సరుకు, లారీ ఆలస్యమైతే ఇంకో మూడు రోజులు పట్టినా పని ఆగకుండా ఉండడానికి ఈ లెక్క. దీన్ని వచ్చే నెల అమ్మకంతో ముడిపెడితే మళ్లీ మొదటి తప్పే చేసినట్టు.

సెప్టెంబరుకు 816, దానికి అక్టోబరు 864లో నాలుగో వంతు 216 కలిపితే 1,032. చేతిలో ఉన్న 120 తీసేస్తే కొనాల్సింది 912 కిలోలు. మిగతా నెలలూ ఇదే పద్ధతి. మీరు ఇప్పటిదాకా వేసిన లెక్కను పక్కన పెట్టి చూడండి.

| నెల | అమ్మకం (ప్యాకెట్లు) | మీ పాత లెక్కలో పప్పు (కిలోలు) | తయారీ నుంచి వచ్చిన కొనుగోలు (కిలోలు) |
|---|---|---|---|
| సెప్టెంబరు | 4,000 | 640 | 912 |
| అక్టోబరు | 6,000 | 960 | 840 |
| నవంబరు | 5,000 | 800 | 744 |

పాత లెక్కతో పోతే నిరుటి ఇబ్బందే ఈసారీ ఎలా వస్తుందో ఈ పట్టికలోనే ఉంది. అమ్మకం ఎక్కువయ్యేది అక్టోబరులో, కొనుగోలు ఎక్కువ కావాల్సింది సెప్టెంబరులో. పాత లెక్కతో సెప్టెంబరులో 272 కిలోలు తక్కువ కొంటారు. పండగ దగ్గర పడేసరికి అటు ప్యాకెట్లూ ఉండవు, ఇటు పప్పూ ఉండదు, ఉన్నా చేయడానికి రోజులు చాలవు. అప్పుడు అక్టోబరులో 120 కిలోలు, నవంబరులో 56 కిలోలు అవసరానికి మించి కొంటారు. ఆ కంగారులో షాపుల నుంచి విడిగా కొనేది దానికి అదనం. నిరుడు పురుగు పట్టింది అలాంటి పప్పుకే. గిరాకీ తగ్గుతున్న నెలలో ముగింపు సరుకు కూడా తగ్గాలి. అందుకే కొనాల్సిన పప్పు ఆ నెల అమ్మకానికి పట్టే పప్పు కన్నా తక్కువ అవుతుంది.

912 కిలోలు మీకు బస్తాల్లో దొరకవు. సెప్టెంబరులో 19 బస్తాలు, 950 కిలోలు కొనండి. అప్పుడు నెలాఖరుకు 216కి బదులు 254 కిలోలు మిగులుతాయి. చాలామంది ఇక్కడ బస్తాలకు సర్దుకుని, మరుసటి నెల లెక్కలో మాత్రం పాత 216నే తీసేస్తారు. అలా నెలనెలా కాస్త కాస్త పేరుకుపోతుంది. మీరు 254 తీసేయండి. అక్టోబరుకు 864కి 192 కలిపి 254 తీస్తే 802 వస్తుంది, 16 బస్తాలు చాలు. రెండు కిలోల తేడాకు ఇంకో బస్తా కొనక్కర్లేదు. నవంబరుకు 768కి 168 కలిపి, మిగిలిన 190 తీస్తే 746, అంటే 15 బస్తాలు.

డబ్బు సంగతి ఇప్పుడే చూసుకోవాలి. కిలో 110 చొప్పున సెప్టెంబరు పప్పుకే 1,04,500 రూపాయలు కావాలి. మీ పాత లెక్క ప్రకారం 70,400 దగ్గర పెట్టుకుని ఉంటారు. ఈ 34,100 తేడా పండగ అమ్మకం డబ్బు రాకముందే, అది కూడా తక్కువ అమ్మే నెలలోనే చేతిలోంచి పోతుంది. షాపులవాళ్లు మీకు నెల అరువు పెడితే అక్టోబరు అమ్మకం డబ్బు నవంబరులో గాని రాదు. పప్పు వ్యాపారితో సెప్టెంబరు సరుకుకు రెండు వారాలు గడువు ఇప్పుడే మాట్లాడుకోండి. ఆగస్టులో అడిగితే ఆయన వింటాడు. పండగ ముందు అడిగితే వినడు.

950 కిలోలు ఒకేసారి దించుకోమని కాదు. ఈ లెక్క నెలకు ఎంతో చెబుతుంది, ఏ రోజు అని చెప్పదు. వారానికి నాలుగైదు బస్తాలుగా తెప్పించుకోండి. కాకపోతే చివరి విడత సెప్టెంబరు 28కి ముందే ఇంట్లో పడాలి.

ప్యాకెట్ కవర్లకు మాత్రం శాతం పద్ధతి పనికిరాదు. అచ్చు వేసిన కవర్లను అచ్చువాళ్లు కొన్ని వేలకు తక్కువైతే చేయరు, చేయడానికీ వారాలు పడుతుంది. మీ దగ్గర 3,000 ఉండి, ఒక ఆర్డరుకు కనీసం 10,000 తీసుకోవాలి అనుకుందాం. సెప్టెంబరులో 10,000 వస్తే, 5,100 వాడాక 7,900, అక్టోబరులో 5,400 వాడాక 2,500 మిగులుతాయి. నవంబరుకు 4,800 కావాలి. ఆ 2,500 నవంబరు సగం దాకానే వస్తాయి. అచ్చుకు మూడు వారాలు పడితే రెండో ఆర్డరు అక్టోబరు మూడో వారంలోనే పోవాలి, అంటే పండగ హడావిడి మధ్యలో. ఆ తేదీని ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి. చవగ్గా వస్తాయని ఏడాదికి సరిపడా మాత్రం వేయించుకోవద్దు. ధర గాని, లేబుల్ మీద వివరం గాని మారితే మిగిలినవన్నీ వృథా.

ఈ కాగితాన్ని గోడకు అంటించి నవంబరు దాకా అలాగే నడవకండి. అంచనా తప్పుతుంది. తప్పినప్పుడు ఎలా సవరించాలో ఒక్కసారి చేసి చూపిస్తాను. సెప్టెంబరులో 4,000 అనుకున్నది 3,700 మాత్రమే అమ్ముడైందనుకోండి. 5,100 ప్యాకెట్లూ చేసేశారు కాబట్టి నెలాఖరుకు 1,900 మిగులుతాయి. అక్టోబరు అంచనా మారకపోతే, 6,000కి 1,000 కలిపి 1,900 తీస్తే చేయాల్సినవి 5,100 మాత్రమే. పప్పు 816 కిలోలు పడుతుంది. దానికి 192 కలిపి చేతిలో ఉన్న 254 తీస్తే 754, అంటే 16కి బదులు 15 బస్తాలు. ప్రతి నెల ఒకటో తేదీన ప్యాకెట్లు, పప్పు, కవర్లు లెక్కించి, పుస్తకం చెప్పిన అంకె పక్కన రాయండి. ప్యాకెట్లు సరిపోయి పప్పు మాత్రం తగ్గిందంటే తరుగు మీరనుకున్న ఐదు శాతం కన్నా ఎక్కువుంది, లేదా ప్యాకెట్‌లో తూకం ఎక్కువ పడుతోంది. 254 ఉండాల్సిన చోట 215 ఉంటే ఆ 39 కిలోలు 5,100 ప్యాకెట్లకు దాదాపు 8 గ్రాముల చొప్పున ఎక్కువ పడ్డట్టు. అప్పుడు 160కి బదులు 168 వేసి మిగతా నెలల లెక్క మార్చండి. తక్కెడ కూడా ఒకసారి సరిచూడండి.

శాతాలను కూడా నెలనెలా మార్చకండి. అక్టోబరులో భయపడి 20 శాతాన్ని 40 చేస్తే ముగింపు సరుకు 1,000 కాదు, 2,000 కావాల్సి వస్తుంది. మీరు రోజుకు 225 కన్నా ఎక్కువ చేయలేరు కాబట్టి ఆ అదనపు వెయ్యి ఎలాగూ తయారు కాదు, కానీ దానికోసం 160 కిలోల పప్పు మాత్రం ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆ పప్పు నవంబరు, డిసెంబరు దాకా బస్తాల్లోనే ఉండిపోతుంది. పప్పు వ్యాపారి మూడు రోజులకు బదులు వారం పడుతుందని చెప్పిన రోజు మాత్రం శాతాన్ని మార్చండి.